జనవరి 26 జెండా వందనం: ఫ్యాక్టరీలో నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. జీఎం గారికి, యూనియన్ పెద్దలకు, రాత్రంతా డ్యూటీ చేసి కూడా ఇంటికి పోకుండా ఆగిన సి షిఫ్ట్ వాళ్లకు, పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన మిగతా అందరికీ గణతంత్ర దినోత్సవ శుభాకాంక్షలు. బాయిలర్ దగ్గర నుంచి కదలలేని ముగ్గురికి కూడా ఈ మైకు వినపడుతుందనే అనుకుంటున్నాను.

జెండా విప్పే ముందు ఈ రోజు గొప్పతనం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మెయింటెనెన్స్ వాడికి మైకు ఇస్తే రిపేరు చేయడం వస్తుంది గానీ మాట్లాడటం రాదు. తప్పులుంటే సర్దుకోండి.

నిన్న సాయంత్రం ఇక్కడే జెండా కడుతుంటే, కొత్తగా చేరిన అప్రెంటిస్ కుర్రాడు ఒకడు అడిగాడు: "అన్నా, ఆగస్టులో కింద నుంచి పైకి లాగాం కదా, ఇప్పుడు ముందే పైన కట్టేస్తున్నారేంటి?" మంచి ప్రశ్న. మనలో చాలామంది ఏళ్ల తరబడి చూస్తున్నాం గానీ ఆ తేడా గమనించం. ఆగస్టు 15న జెండా కింద నుంచి పైకి ఎక్కుతుంది. 1947లో పరాయి జెండా దిగి మనది పైకెక్కింది కాబట్టి, దానికి గుర్తు అంటారు. జనవరి 26 నాటికి జెండా అప్పటికే పైన ఉంది. ఈ రోజు ముడి విప్పుతామంతే. మరి అంత పండగ దేనికి?

ముందు తారీఖు సంగతి చెబుతాను. 1929 డిసెంబర్‌లో లాహోర్ కాంగ్రెస్ సభలో పూర్ణ స్వరాజ్యమే మన లక్ష్యమని తీర్మానించారు. 1930 జనవరి 26న దేశమంతటా ఊరూరా జనం గుమిగూడి ఆ ప్రతిజ్ఞ చేశారు. తర్వాత చాలా ఏళ్లు స్వాతంత్ర్య దినం అంటే జనవరి 26నే. తీరా స్వాతంత్ర్యం వచ్చింది ఆగస్టులో. ఆ పాత తారీఖు మరుగున పడిపోకూడదని, 1949 నవంబర్ 26నే ఆమోదం పొందిన రాజ్యాంగాన్ని రెండు నెలలు ఆగి 1950 జనవరి 26న అమల్లోకి తెచ్చారు.

ఆగస్టు 15న పరాయి పెత్తనం పోయింది. జనవరి 26న, ఇకపై ఎవరి పెత్తనమైనా ఒక నిబంధనకు లోబడే ఉండాలని మనకు మనమే రాసుకున్నాం. నాకు తెలిసినంతలో ఈ రోజు అర్థం అదే. నిబంధన రాయడం ఎవరైనా రాస్తారు. పెద్దవాడి దగ్గర కూడా దాన్ని అమలు చేయడంలోనే ఉంది కష్టమంతా.

దీనికి నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడి ప్రదర్శనశాల గుమ్మం దగ్గర ఒక 14 ఏళ్ల అమ్మాయి వలంటీరు. టిక్కెట్ లేనిదే ఎవరినీ లోపలికి వదలొద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. చేతిలో టిక్కెట్ లేదు. ఆ అమ్మాయి ఆపేసింది! నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి, టిక్కెట్ తెచ్చి ఇచ్చాకే వదిలింది. నెహ్రూ కోప్పడలేదు సరికదా, మెచ్చుకున్నారు. ఆ అమ్మాయి రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి, తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజ్యాంగం రాసిన సభలో నెహ్రూ ఒక సభ్యుడు, ఆమె ఒక సభ్యురాలు. ఆ సభలో మొత్తం ఆడవాళ్లు 15 మందే.

ఇది చదివినప్పుడల్లా నాకు మన గేటే గుర్తొస్తుంది. పోయిన నెలలో జీఎం గారు హడావిడిలో హెల్మెట్ లేకుండా ప్లాంటు లోపలికి నడిచి వస్తుంటే మన సెక్యూరిటీ బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టారు. "సార్, హెల్మెట్" అన్నారు, ఇంకేమీ అనలేదు. సార్ ఒక్క క్షణం ఆగి, వెనక్కి వెళ్లి, కారులోంచి తెచ్చుకున్నారు. ఇప్పుడు నవ్వుతున్నారు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ఆ రోజు మన గేటు దగ్గర నేను చూసింది గణతంత్రమే. ఆపిన బాబాయ్‌ది ఎంత గొప్పో, వెనక్కి వెళ్లిన సార్‌ది కూడా అంతే గొప్ప.

రాజ్యాంగం అంటే ఢిల్లీలో వాళ్ల పుస్తకం, మనకెందుకులే అనుకుంటాం. అందులో మన షాప్ ఫ్లోర్ కూడా ఉంది. 23వ ఆర్టికల్ ఎవరిచేతా వెట్టిచాకిరీ చేయించకూడదంటుంది. మన తాతల్లో ఆ వెట్టి చేసినవాళ్లున్నారు, ఆ మాట ఊరికే రాసింది కాదు. 24వది, 14 ఏళ్లు నిండని పిల్లల్ని ఫ్యాక్టరీలో పెట్టుకోకూడదంటుంది. పనిచేసే చోట మనిషిని మనిషిలా చూడాలని, ప్రసూతి సమయంలో ఆడవాళ్లకు వెసులుబాటు ఉండాలని 42లో ఉంది. మన ప్యాకింగ్ సెక్షన్ చెల్లెమ్మ ఒకరు ఇప్పుడు ప్రసూతి సెలవులో ఉన్నారు. జీతం ఆగలేదు. ఆ సెలవు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు.

అన్నీ అమలైపోయాయని నేను అనను. ఒకే పనికి మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకే కూలి ఉండాలన్న మాట కూడా అదే పుస్తకంలో ఉంది. బయట ఇప్పటికీ ఎన్నో చోట్ల లేదు. మన దగ్గర కాంట్రాక్టు తమ్ముళ్ల సంగతి కూడా యూనియన్ మీటింగుల్లో నలుగుతూనే ఉంది. పండగ పూట ఇవెందుకు అంటారేమో. ఇలా జీఎం గారి ఎదురుగా నిలబడి, రేపటి గురించి టెన్షన్ లేకుండా అనగలుగుతున్నాను చూడండి, అందుకే నాకు ఇది పండగ.

ఇంకొక్క సంగతి. పిల్లల చొక్కాలకు కాగితం జెండాలు పెట్టారు, ముచ్చటగా ఉన్నాయి. ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రం కింద పడేయనివ్వకండి. జెండా నేల మీద పడకూడదన్నది కూడా నిబంధనే. గేటు పక్కన అట్టపెట్టె పెట్టాం, అందులో వేయండి. మేం పద్ధతిగా తీస్తాం. స్వీట్లు ఆ తర్వాతే.

ఇక జెండా. ప్రతి ఏడూ ముఖ్య అతిథులు విప్పుతారు. ఈసారి ఎవరిని పిలుద్దామని అడిగితే, జీఎం గారే బాబాయ్ పేరు చెప్పారు. 19 ఏళ్లుగా జెండా మడతపెట్టేది, మధ్యలో పూలు పెట్టేది, ముడి వేసేది ఆయనే. తాడు లాగే వంతు మాత్రం ఆయనకు ఎప్పుడూ రాలేదు. మూడేళ్ల క్రితం ఆయన సెలవులో ఉంటే ఆ ముడి నేను వేశాను. ఎంత లాగినా రాలేదు, చివరికి నిచ్చెన తెప్పించాం. మర్చిపోయారనుకున్నాను, ఆ నవ్వులు చూస్తే ఎవరూ మర్చిపోలేదని తెలుస్తోంది.

జెండా తెరుచుకోగానే జనగణమన. అది 52 సెకన్లు, ఫోన్లు జేబులో పెట్టేసి అందరం గొంతు కలుపుదాం. టోపీలు సర్దుకోండి. అందరూ సావధాన్‌లో నిలబడండి.

బాబాయ్, రండి. ముడి మీరు వేసిందే కాబట్టి ఏ కొస లాగాలో నేను చెప్పక్కర్లేదు.