అమ్మ ఆపరేషన్‌కు ఐదు రోజుల సెలవు: తిరగరాసిన దరఖాస్తు

మొదట పంపిన మెసేజ్ (ఆదివారం సాయంత్రం, వాట్సాప్‌లో)

సార్ నమస్తే. అమ్మ పడిపోయింది సార్, సీరియస్. రేపటి నుంచి లీవ్ కావాలి. ఎన్ని రోజులో తెలీదు. క్లాసులు ఎవరైనా చూసుకుంటారు. ప్లీజ్ సార్, అర్జెంట్.

అదే రాత్రి తిరగరాసి పంపిన దరఖాస్తు

ఖమ్మం,
2 ఫిబ్రవరి 2025, ఆదివారం, రాత్రి 9 గంటలు.

ప్రధానోపాధ్యాయులు గారికి,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల,
మిర్యాలగూడ మండలం, నల్గొండ జిల్లా.

విషయం: మా అమ్మగారి తుంటి ఆపరేషన్ కోసం ఫిబ్రవరి 3 (సోమవారం) నుంచి 7 (శుక్రవారం) వరకు ఐదు రోజుల సాధారణ సెలవు, హెడ్‌క్వార్టర్స్ విడిచి ఉండేందుకు అనుమతి కోరుతూ.

గౌరవనీయులైన సార్‌కు నమస్కారాలు.

సాయంత్రం ఆసుపత్రి మెట్ల మీద నిలబడి మీకు ఒక మెసేజ్ పంపాను. అప్పటికి డాక్టర్ గారు ఇంకా ఏమీ చెప్పలేదు. ఇప్పుడు విషయం తెలిసింది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఆ మెసేజ్ బదులు దీన్నే నా సెలవు దరఖాస్తుగా తీసుకోవాలని మనవి.

ఈ రోజు మధ్యాహ్నం మా అమ్మగారు పెరట్లో నల్లా దగ్గర కాలుజారి పడ్డారు. ఆమెకు 71 ఏళ్లు. ఎక్స్‌రేలో ఎడమ తుంటి ఎముక మెడ భాగం దగ్గర విరిగినట్టు తేలింది. ఈ వయసులో ఆ ఎముక దానంతట అది అతుక్కోవడం కష్టమని, ఎక్కువ రోజులు మంచం మీదే ఉంచితే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, పుండ్లు పడడం వంటివి వస్తాయని డాక్టర్ గారు చెప్పారు. అందుకే ఆపరేషన్ ఆలస్యం చేయకూడదన్నారు. ఆమెకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. రేపు ఈసీజీ, గుండె స్కానింగ్, రక్త పరీక్షలు చేసి, షుగర్ అదుపులోకి తెచ్చి, అన్నీ బాగుంటే మంగళవారం ఉదయం ఆపరేషన్ చేస్తారు. మరుసటి రోజే వాకర్ పట్టుకుని నిలబెడతారట. శుక్రవారం సాయంత్రానికి ఇంటికి పంపే అవకాశం ఉందన్నారు.

నేనే ఎందుకు ఉండాల్సి వస్తోందో కూడా చెప్పాలి. మా నాన్నగారికి 78 ఏళ్లు, చెవులు సరిగా వినపడవు. డాక్టర్లు చెప్పేది అర్థం చేసుకుని కాగితాల మీద సంతకం పెట్టడం, రక్తం ఏర్పాటు చేసుకోవడం, మందులకు పరుగెత్తడం ఆయన వల్ల కాదు. మా తమ్ముడు మస్కట్‌లో పని చేస్తున్నాడు. వాళ్ల కంపెనీ సెలవు ఇచ్చింది గానీ టికెట్ శుక్రవారం రాత్రికే దొరికింది. శనివారం మధ్యాహ్నానికి ఇంటికి చేరతాడు. వాడు వచ్చాక అమ్మను వాడు, మరదలు చూసుకుంటారు. నేను ఐదు రోజులే అడగడానికి కారణం ఇదే.

సెలవు లెక్క ఇలా ఉంది. ఈ క్యాలెండర్ సంవత్సరంలో నేను ఇంతవరకు సీఎల్ ఒక్కటీ వాడలేదు. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఐదు సీఎల్‌లు. 8వ తేదీ రెండో శనివారం, 9వ తేదీ ఆదివారం. ముందున్న ఈ ఆదివారంతో కలిపి లెక్కేసినా పది రోజుల పరిమితి దాటదు. ఆ సెలవు రోజులను కలుపుకునేందుకు, 9వ తేదీ వరకు హెడ్‌క్వార్టర్స్ విడిచి ఉండేందుకు దయచేసి అనుమతి ఇవ్వండి. 10వ తేదీ సోమవారం ఉదయం ప్రత్యేక తరగతి సమయానికే బడిలో ఉంటాను.

సార్, పదో తరగతి పిల్లలకు ఇవి ఎలాంటి రోజులో నాకు తెలుసు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. మన బడిలో లెక్కలంటేనే సగం మందికి టెన్షన్. ఇలాంటి వారంలో ముందు రోజు రాత్రి సెలవు అడగడం మీకు ఎంత ఇబ్బందో ఊహించగలను. ఆ ఇబ్బందిని పూర్తిగా తీర్చలేను. నా పీరియడ్లు మాత్రం ఖాళీగా పోకుండా ఈ సాయంత్రం కొంత ఏర్పాటు చేశాను. మీరు సరేనంటేనే అది ఖాయం.

భౌతిక శాస్త్రం సత్యనారాయణ సార్‌తో మాట్లాడాను. పదో తరగతి లెక్కల పీరియడ్, సాయంత్రం ప్రత్యేక తరగతి ఆయన తీసుకుంటానన్నారు. ఆయన తన తొమ్మిదో తరగతి పీరియడ్లలో రెండింటిని లలిత మేడమ్‌కు ఇస్తే సరిపోతుంది. ఆమె కూడా ఒప్పుకున్నారు. నేను వచ్చాక వాళ్లిద్దరి పీరియడ్లు ఆ మేరకు నేను తీసుకుంటాను. ఎనిమిది, తొమ్మిది తరగతులకు మాత్రం ప్రతి పీరియడ్‌కూ మనిషిని చూపలేకపోయాను. వాళ్లకు రోజూ చేయాల్సిన లెక్కలు రాసి క్లాస్ లీడర్ల చేతికి అందేలా చూస్తాను. ఆ పీరియడ్లలో ఎవరిని కూర్చోబెట్టాలన్నది మీ నిర్ణయానికే వదిలేస్తున్నాను. మధ్యాహ్న భోజనం రిజిస్టర్ ఈ వారం నా వంతు. దాన్ని తెలుగు మేడమ్ రాస్తానన్నారు. బీరువా తాళం చెవి ఆఫీసు గదిలో అటెండర్ గారి దగ్గరే ఉంది.

ఉదయం పది లోపు, సాయంత్రం ఐదు తర్వాత ఫోన్‌లో అందుబాటులో ఉంటాను. మంగళవారం ఉదయం ఆపరేషన్ అయ్యేవరకు మాత్రం ఫోన్ ఎత్తలేకపోవచ్చు. అది ఎలా జరిగిందో ఆ సాయంత్రమే మీకు తెలియజేస్తాను. షుగర్ తగ్గక ఆపరేషన్ తేదీ వెనక్కి జరిగితే చివరి నిమిషంలో కాకుండా గురువారం మధ్యాహ్నం లోపే చెబుతాను. అప్పుడు కావాల్సిన రోజులకు అర్ధ వేతన సెలవు కోసం విడిగా దరఖాస్తు చేస్తాను. ఆసుపత్రిలో చేర్చుకున్న చీటీ ఫొటో దీంతో పంపుతున్నాను. డిశ్చార్జి కాగితం వచ్చాక ఒక కాపీ ఆఫీసులో ఇస్తాను.

పరిస్థితిని అర్థం చేసుకుని సెలవు మంజూరు చేయాలని కోరుతున్నాను. ఏదైనా ఏర్పాటు మీకు సరిపడకపోతే ఈ రాత్రి ఎంతసేపైనా ఫోన్ చేయండి సార్, మార్చుకుందాం.

ఇట్లు,
తమ విధేయురాలు,
కె. శ్రీదేవి,
స్కూల్ అసిస్టెంట్ (గణితం)

జతపరిచినవి: ఆసుపత్రి చీటీ ఫొటో, సత్యనారాయణ సార్‌కు పంపిన పాఠాల నోట్, మీకోసం ఒక కాపీ.

సత్యనారాయణ సార్‌కు పంపిన నోట్

సత్యనారాయణ సార్, అడగ్గానే ఒప్పుకున్నందుకు చాలా థ్యాంక్స్. హెడ్‌మాస్టర్ సార్ సరేనన్నాక ఈ క్రమంలో చెప్పండి. సిలబస్ అయిపోయింది, జరుగుతున్నది రివిజనే. కాబట్టి కొత్త పాఠం ఏదీ మీ మీద పడదు.

సోమవారం క్షేత్రమితి. శంకువు, స్థూపం కలిపిన లెక్కలు రెండు చేయిస్తే చాలు. సూత్రాలు వాళ్లకు వచ్చు, ఏటవాలు ఎత్తు దగ్గరే తడబడతారు. మంగళవారం త్రికోణమితి నిష్పత్తులు, బుధవారం వాటి అనువర్తనాలు. ఈ రెండు రోజులే కీలకం సార్. మన పిల్లల్లో చాలామంది టాన్ 30 డిగ్రీలకూ టాన్ 60 డిగ్రీలకూ విలువలు తారుమారు చేస్తారు. స్తంభం అడుగు నుంచి 30 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే ఊర్ధ్వ కోణం 30 డిగ్రీలు, ఎత్తెంత అని అడగండి. 10√3 మీటర్లు రావాలి, అంటే 17 మీటర్ల పైచిలుకు. కొందరు 30√3 అని రాస్తారు. అప్పుడు తప్పని కొట్టేయకుండా బొమ్మ గీయించండి. కోణం 45 డిగ్రీలైతే ఎత్తు, దూరం సమానం కదా, మరి 30 డిగ్రీలకు ఎత్తు 30 మీటర్ల కంటే ఎక్కువ ఎలా వస్తుందని అడగండి. వాళ్లంతట వాళ్లే దిద్దుకుంటారు. అలా దిద్దుకున్న పిల్లలు మళ్లీ ఆ తప్పు చేయడం నేను చూడలేదు.

గురువారం సంభావ్యత. అది వాళ్లకు ఇష్టమైన పాఠం, పెద్దగా చెప్పాల్సిన పని ఉండదు. శుక్రవారం సాంఖ్యక శాస్త్రం మీద స్లిప్ టెస్ట్ పెట్టండి: సోపాన విచలన పద్ధతిలో సగటు ఒకటి, ఓజీవ్ వక్రం ఒకటి. గ్రాఫ్ కాగితాలు బీరువాలో రెండో అరలో ఉన్నాయి. పేపర్లు దిద్దకండి సార్, కట్టగట్టి నా టేబుల్ సొరుగులో పెట్టండి. ఆదివారం సాయంత్రం ఊరికి రాగానే తీసుకుని నేను దిద్దుతాను.

వెనక బెంచీల్లో ఆరుగురు ఉన్నారు, వాళ్లెవరో మీకూ తెలుసు. వాళ్లకు పెద్ద లెక్కలు వద్దు. గ్రాఫ్, సంభావ్యత, నిష్పత్తుల పట్టిక, ఈ మూడే రోజూ కొంచెం కొంచెం చేయించండి. పాసవడానికి వాళ్లకు అవే ఆధారం. బోర్డు దగ్గరికి మాత్రం పిలవకండి, పిలిస్తే మర్నాడు బడికి రారు. పక్కన కూర్చుని చూపిస్తే చక్కగా చేస్తారు.

ఇంకొకటి. తండా నుంచి వచ్చే ముగ్గురు అమ్మాయిలకు ఐదున్నర బస్సు తప్పితే మళ్లీ బస్సు లేదు. ప్రత్యేక తరగతి సగంలో ఉన్నా ఐదూ ఇరవైకల్లా వాళ్లను పంపించేయండి. మిగిలిన లెక్క వాళ్లు మర్నాడు ఉదయం క్లాసులో చేస్తారు. ఏదైనా అర్థం కాకపోతే సాయంత్రం ఐదు తర్వాత నాకు ఫోన్ చేయండి సార్, ఎత్తకపోతే ఐదు నిమిషాల్లో నేనే చేస్తాను.

శ్రీదేవి