సోలార్ మినీ ట్రాక్టర్ కాన్సెప్ట్ బొమ్మ, కుడి పక్క నుంచి సైడ్ వ్యూ

అనంతపురం వైపు శనక్కాయ పండించే చిన్న రైతు కోసం ఒక సోలార్ మినీ ట్రాక్టర్, పూర్తిగా కుడి పక్క నుంచి చూసినట్టు ఉండాలి, ముక్కు కుడి వైపుకి, కెమెరా వెనక చక్రం ఇరుసు ఎత్తులో తిన్నగా, ఏటవాలు కోణం అస్సలు వద్దు, అవతలి పక్క చక్రాలు ఇవతలి వాటి వెనక పూర్తిగా దాక్కోవాలి. నేల ఒకటే గీతలా, బండి మొత్తం ఫ్రేమ్‌లో, నాలుగు వైపులా కాస్త ఖాళీ.

బండి పొడవు సుమారు 2.4 మీటర్లు, వెనక టైరు 8.3-20 సైజు, ముందు టైరు దాంట్లో సగం కంటే కొంచెం పెద్దది. ఇంజిన్ ఉండాల్సిన చోట బానెట్ కింద 72 వోల్ట్ ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ పెట్టె, గొర్రు లాగేటప్పుడు ముందు చక్రాలు లేవకుండా ఆ బరువు ముందే ఉండాలి. దాని వెనక 15 కిలోవాట్ మోటార్, అక్కడ్నించి గేర్‌బాక్స్, మధ్యలో లావుపాటి ఆరెంజ్ కేబుల్ క్లిప్పులతో బిగించి కనిపించాలి. బానెట్ పక్కన సన్నటి గాలి చీలికలు, కంట్రోలర్‌కి చిన్న ఫ్యాను, ఛార్జింగ్ సాకెట్‌కి దుమ్ము పడకుండా రబ్బరు మూత. సైలెన్సర్ గొట్టం, డీజిల్ ట్యాంక్ ఉండకూడదు.

పైన నాలుగు ఇనప కంబాల మీద ఒకటే 550 వాట్ ప్యానెల్, 2.28 మీటర్ల పొడవు, కంబానికీ ప్యానెల్‌కీ మధ్య అదుర్లు ఆపే రబ్బరు దిమ్మలు. పక్క నుంచి చూస్తే ప్యానెల్ 35 మిల్లీమీటర్ల అల్యూమినియం అంచులాగే కనిపిస్తుంది కాబట్టి నీలం పలకలు పక్కకి వంచి చూపించొద్దు, అవి కావాలంటే పై మూలలో చిన్న టాప్ వ్యూ వేయండి చాలు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఈ ఒక్క ప్యానెల్‌తోనే దుక్కి మొత్తం అయిపోతుందన్నట్టు ఉండకూడదు, మంచి ఎండ రోజున కూడా దాన్నుంచి వచ్చేది మూడు యూనిట్ల లోపే, మోటార్ ఫుల్ లోడ్ మీద దాన్ని 12 నిమిషాల్లో తాగేస్తుంది, అందుకే వెనకాల దూరంగా కప్పు నిండా ప్యానెళ్లు ఉన్న రేకుల షెడ్డు, దాని గోడకి ఛార్జర్ కనిపించాలి. రైతుకి అబద్ధం చెప్పే బొమ్మ మనకొద్దు.

వెనక త్రీ పాయింట్ లింకేజీ స్పష్టంగా ఉండాలి, పైన టాప్ లింకు, కింద లోయర్ లింకు, మధ్యలో పీటీవో షాఫ్ట్ కొన, ఐదు పళ్ల గొర్రు నేలకి ఒక జానెడు పైకెత్తి, పళ్ల కొసలు అరిగి మెరుస్తూ, వాటికి ఎర్రమట్టి అంటుకుని. సీటులో తలపాగా కట్టుకున్న నడివయసు రైతు, ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఇంకోటి హైడ్రాలిక్ లివర్ మీద, కుడి కాలు బ్రేక్ పెడల్ దగ్గర, బండి ఎంత చిన్నదో ఆయన్ని చూస్తేనే తెలియాలి.

రంగు మాసిన ఆకుపచ్చ, మడ్‌గార్డు మీద గీతలు, కొత్త షోరూం మెరుపు వద్దు. ఉదయం ఎండ, వెనక దున్నిన ఎర్రనేల, దూరంగా శనక్కాయ సాళ్లు, అవి కాస్త మసగ్గా. కంపెనీ పేరు, లోగో, అక్షరాలు ఎక్కడా వద్దు. సైజు 16:9.