ఇంటి క్యాలెండర్‌లో పెట్టిన గుర్తుచేతలు: పాస్‌పోర్టు, ఇన్సూరెన్స్, లైసెన్సు

అందరికీ (నెల నెలా మొదటి ఆదివారం, ఉదయం 10కి)
అమ్మా, నాన్నా, చిన్నోడా, ఇవన్నీ మీ మూడు ఫోన్లలోనూ మోగుతాయి. కార్డు మీద ఉన్న గడువు తేదీని పట్టుకుని కూర్చోవద్దు, పని మొదలుపెట్టాల్సిన రోజు దానికి నెలల ముందే ఉంటుంది, నేను ఇక్కడ పెట్టింది ఆ రోజే. సంక్రాంతికి మీరు దుబాయ్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్తే మార్చి దాకా రారు కాబట్టి ఈసారి చాలా పనులు డిసెంబర్‌లోపే తెమలాలి. మోగగానే కొట్టేయకండి. పని అయ్యాకే 'అయింది' అని పెట్టండి.

నాన్న పాస్‌పోర్టు (5 జూలై 2026 నుంచి ప్రతి ఆదివారం, కొత్తది చేతికి వచ్చేదాకా)
నాన్నా, మీ పాస్‌పోర్టు గడువు 18 జూన్ 2027. ఇంకా ఏడాది ఉంది కదా అనిపిస్తుంది, కానీ దుబాయ్ వెళ్లాలంటే కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, అంటే 18 డిసెంబర్ 2026 దాటితే ఈ పాస్‌పోర్టుతో సంక్రాంతి ప్రయాణం కుదరదు. గడువుకి ఏడాది ముందు నుంచే రీఇష్యూకి అప్లై చేయొచ్చు కాబట్టి ఇప్పుడే చేసేద్దాం. passportindia.gov.in లో ఫారం నేను నింపుతాను, 36 పేజీలదానికి ఫీజు 1500 కట్టి స్లాట్ తీసుకుంటాను. తత్కాల్‌లో అయితే ఇంకో 2000 ఎక్కువ, ముందే చేస్తే ఆ ఖర్చు దేనికి? సేవా కేంద్రం ఎక్కడన్నది స్లాట్ కాగితం మీద చూసుకోండి, పోయినసారి వెళ్లిన చోటే అనుకుని బయల్దేరొద్దు. పాత పాస్‌పోర్టులో వరంగల్ అడ్రస్ ఉంది, ఇప్పుడు మల్కాజ్‌గిరి ఫ్లాట్‌ది పెడుతున్నాం, అందుకే ఆధార్‌లో కూడా ఇదే అడ్రస్ ఉందో లేదో ముందు చూడండి. పోలీసు వెరిఫికేషన్‌కి ఫోన్ వస్తే కొత్త నంబర్ అని ఎత్తకుండా ఉండొద్దు, ఆ కొన్ని రోజులూ ఊళ్లోనే ఉండండి. పాత పాస్‌పోర్టు ఒరిజినల్ తీసుకెళ్లండి, రద్దు ముద్ర వేసి తిరిగి ఇచ్చేస్తారు, దాన్ని బీరువాలో దాచండి.

నాన్న లైసెన్సు (22 ఆగస్టు 2026 నుంచి రెండు వారాలకోసారి)
గడువు 22 ఫిబ్రవరి 2027, అప్పటికి మీరు దుబాయ్‌లో ఉంటారు. దీన్నీ ఏడాది ముందు నుంచి రెన్యూ చేయించుకోవచ్చు. నలభై దాటిన వాళ్లకి డాక్టరు సంతకంతో ఫారం 1ఎ కావాలి, బీపీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడే అదీ రాయించుకోండి. గడువు అయ్యాక ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ ఇవ్వాలి. అసలు టెన్షన్ అది కాదు, గడువు అయిన లైసెన్సుతో బండి నడిపి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. మీ వయసుకి కొత్త లైసెన్సు ఐదేళ్లకే ఇస్తారు, అందుకే అది చేతికి వచ్చాక ఆ గడువుకి నెలల ముందుకి కూడా ఒకటి పెడతాను.

చిన్నోడి బండి ఇన్సూరెన్స్ (ఏటా సెప్టెంబర్ 11, ఆ తర్వాత వారం వారం)
ఒరేయ్, బండి కొన్నప్పుడు ఐదేళ్లకి కట్టేశామని అంటావు, అది థర్డ్ పార్టీ మాత్రమే, 2029 దాకా ఉంది. మన బండికి దెబ్బ తగిలినా, దొంగలు పట్టుకుపోయినా, వానకి సెల్లార్‌లో నీళ్లు నిండి బండి పాడైనా పనికొచ్చేది ఓన్ డ్యామేజ్, అది ఏటేటా కట్టాలి, ఈసారి గడువు అక్టోబర్ 11. రెండేళ్లుగా క్లెయిమ్ లేదు కాబట్టి 25 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది, గడువు దాటి 90 రోజులైతే అది మొత్తం పోతుంది. రెన్యూ చేశాక పాలసీ పీడీఎఫ్ గ్రూపులో పెట్టు.

అమ్మానాన్నల హెల్త్ పాలసీ (ఏటా జనవరి 8, తర్వాత ఫిబ్రవరి 9, మార్చి 1)
గడువు మార్చి 9. జనవరి 8నే మోగడానికి కారణం ఉంది: కంపెనీ మారాలనుకుంటే గడువుకి 60 రోజుల ముందు నుంచి 45 రోజుల ముందులోపు అడగాలి, అంటే జనవరి 23 దాటితే తీసుకోవడం, తీసుకోకపోవడం కొత్త కంపెనీ ఇష్టం. ప్రీమియం చూసి నాకు ఫోన్ చేయండి, ఇద్దరం మాట్లాడుకుని తేలుద్దాం. కట్టడానికి 30 రోజుల గ్రేస్ ఉంటుంది, కానీ మనం ఏడాదికి ఒకేసారి కట్టేవాళ్లం కాబట్టి ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రి ఖర్చుకి కవర్ ఉండదు. గ్రేస్ కూడా దాటితే పాలసీ పోయినట్టే, అమ్మ షుగర్‌కి ఇన్నాళ్లూ ఓపిక పట్టి దాటిన వెయిటింగ్ పీరియడ్ కొత్త పాలసీలో మళ్లీ మొదటికొస్తుంది. ఆటో డెబిట్ ఉంది కదా అని వదిలేయొద్దు, ఆ కార్డు గడువు కూడా చూడండి. దుబాయ్‌లో మీకు ఓటీపీ రాకపోతే నేను మియాపూర్ నుంచి కట్టేస్తాను, డబ్బు లెక్క తర్వాత చూసుకుందాం.

ఏదైనా కొత్తది చేతికి వచ్చిన రోజు (అదే రోజు రాత్రి 9కి)
ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. కొత్త గడువు చూసి పాత గుర్తుచేత నేనే తీసేసి, మళ్లీ నెలల ముందుకి కొత్తది పెడతాను.