బుజ్జిగాడి పగటి నిద్ర: అమ్మ కోసం

అమ్మా,

సోమవారం నుంచి పొద్దున ఎనిమిదింటికల్లా మేమిద్దరం వెళ్లిపోతాం కాబట్టి వాడి నిద్ర సంగతులు రాసి పెడుతున్నాం. ఏడో నెల కదా, పగలు మూడు నిద్రలు.

గడియారం కన్నా వాడు లేచిన టైమే ముఖ్యం. లేచాక రెండు, రెండుంపావు గంటలకి మళ్లీ పడుకోవాలి. ఆరున్నరకి లేస్తే మొదటి నిద్ర 8:45కి, రెండోది 12:30కి, ఈ రెండూ గంట, గంటన్నర పడతాయి. మూడోది 4:15కి, అరగంట చాలు. ఐదుంపావు దాటితే లేపేయి, లేకపోతే రాత్రి పదైనా పడుకోడు.

చెవి లాక్కోవడం, శూన్యంలోకి చూడ్డం మొదలెట్టాడంటే టైమైనట్టే. కళ్లు నులుముకుని ఏడ్చేదాకా ఆగితే అలిసిపోయి ఇంకా మొండికేస్తాడు. డైపర్ మార్చి, కర్టెన్లు వేసి, స్లీప్ శాక్ అనే నిద్ర సంచి తొడిగి, రెండు నిమిషాలు భుజాన వేసుకుని తట్టు. మత్తుగా ఉండగానే మంచంలో దింపేయి. పాలు లేచాకే పట్టు. పాలు తాగుతూ నిద్రపోవడం అలవాటైతే మధ్యలో లేచినప్పుడల్లా అవే కావాలంటాడు.

ఎప్పుడూ వెల్లకిలాగే పడుకోబెట్టు. కక్కితే గొంతులో పడుతుందని నీ భయం, తెలుసు. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి కాబట్టి కక్కింది గాలిగొట్టంలోకి అంత తేలిగ్గా ఎక్కదు. బోర్లా ఉంటే తలకిందులు. పడుకోబెట్టాక వాడే బోర్లా తిరిగితే తిప్పక్కర్లేదు, రెండు వైపులా తిరగడం వచ్చేసింది.

మంచంలో గట్టి పరుపు, బిగుతుగా పట్టే దుప్పటి గుడ్డ, అంతే. దిండు, కప్పుకునే దుప్పటి, బొమ్మలు, టోపీ, బిబ్ ఏవీ వద్దు. చలేస్తుందేమో అని చేతులు పట్టుకుని చూడకు, అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనక వేలు పెట్టి చూడు. చెమట తగిలితే ఒక పొర తీసెయ్యి.

నలభై నిమిషాలకి కదిలి కూస్తాడు. అది ఒక విడత అయిపోయిందని, లేచాడని కాదు. ఐదు నిమిషాలు ఆగు, తలుపు తీయకు. మేం మొదట్లో ప్రతిసారీ పరుగెత్తి వెళ్లి వాడి నిద్ర మేమే చెడగొట్టాం. ఏడుపు పెరిగితే మాత్రం వెళ్లు.

ఒక్కదాంట్లో మాత్రం మొహమాటం లేదు: వాణ్ణి పట్టుకుని సోఫాలో నడుం వాల్చకు. కునుకు పట్టేలా ఉంటే వాడు ఏడ్చినా సరే వాడి మంచంలో పెట్టి, నువ్వు పడుకో. బండి సీట్లో నిద్రపోతే ఇంటికి రాగానే మంచంలోకి మార్చు. కూర్చున్నట్టు ఉంటే తల ముందుకి వాలి ఊపిరాడకపోవచ్చు.

ఏదో ఒక నిద్ర చెడితే కంగారు పడకు, తర్వాతది పావుగంట ముందు పెట్టు. జ్వరం 38 డిగ్రీలు చూపిస్తే వెంటనే మా ఇద్దరిలో ఎవరికైనా ఫోన్ చెయ్యి. ఊపిరి కష్టంగా తీసుకుంటున్నా, లేపినా లేవనంత మత్తుగా అనిపించినా మాత్రం ముందు అంబులెన్స్‌కి చెయ్యి, మాకు తర్వాత.

రెండో స్లీప్ శాక్ పై అరలో ఉంది.