పాప టిఫిన్ల కాగితం (సోమవారం నుంచి)

అత్తయ్య గారూ, దీన్ని ఫ్రిజ్ మీద అంటిస్తున్నాను. పాపకి సీలియాక్ అని తేలింది కదా, గోధుమ, మైదా, బార్లీ ఇక రవ్వంత కూడా తగలకూడదు. బొంబాయి రవ్వ, సేమ్యా కూడా గోధుమవే. నిన్న ఉప్మాకి ఎసరు పెట్టేశాక గుర్తొచ్చింది నాకు! దానికొక్కదానికే వేరేగా చేస్తే చూపంతా తమ్ముడి ప్లేటు మీదే ఉంటుంది. అందుకే పొద్దున అందరికీ ఒకటే టిఫిన్.

సోమవారం: ఇడ్లీ, పల్లీ చట్నీ. ఆదివారం మధ్యాహ్నం మూడు గ్లాసుల మినప్పప్పు నానబోయండి, ఆరు గ్లాసుల ఇడ్లీ రవ్వ. అది బియ్యపు రవ్వే, భయం లేదు. కానీ కొట్లో విడిగా తూచేది వద్దు, ఒకే గరిటెతో అన్ని రవ్వలూ తీస్తారు.

మంగళవారం: మిగిలిన పిండితో దిబ్బరొట్టె. రాత్రి పెసలు నానబెట్టాలి.

బుధవారం: పెసరట్టు. లోపల ఉప్మా లేకపోతే మీ అబ్బాయి ముట్టరు. బియ్యపు రవ్వతో ఉప్పుడుపిండి చేసి పెడదాం: గ్లాసు రవ్వకి రెండు గ్లాసుల నీళ్లు, గుప్పెడు పెసరపప్పు. ఇంగువ కొత్త డబ్బాలోదే వేయండి. పాతదాంట్లో మైదా కలిసి ఉంది, ఇన్నాళ్లూ చూసుకోలేదు.

గురువారం: అటుకుల ఉప్మా.

శుక్రవారం: జొన్నరొట్టె, టమాటా పచ్చడి. పిండి మరకి పంపొద్దు, అదే మరలో గోధుమలు ఆడతారు. గ్లూటెన్ ఫ్రీ అని ఉన్న ప్యాకెట్ తెచ్చాను. మరిగే నీళ్లతో కలిపితే రొట్టె విరగదు, ఈ చేయి మీదే, నాకు రాదు.

శనివారం: పొద్దున రాగిజావ, అరటిపండు. మామయ్య గారి ఒంటిపూటకి రాత్రి దోశలు, పాపకీ అవే. రాగి సేమ్యా మాత్రం కొనకండి, చాలా వాటిలో గోధుమ పిండి కలుపుతారు.

ఆదివారం: పూరీల రోజు. పునుగులు వేద్దాం. పూరీలు వేగిన నూనె పారబోశాను, వేడికి గ్లూటెన్ పోదట.

మామయ్య గారి రాత్రి పుల్కాలు అలాగే ఉంటాయి. పాప తిని లేచాకే పిండి బయటికి తీయండి. పాత పీట, అప్పడాల కర్ర, పెనం ఆయనవి. జొన్నరొట్టెకి కొత్త పెనం, ఎర్ర పిడిది.

పక్కింట్లో గురువారం సత్యనారాయణ వ్రతం. ప్రసాదం రవ్వతోనే చేస్తారు, పాప కళ్లకద్దుకుని తమ్ముడికి ఇచ్చేస్తుంది, ముందే చెప్పాను. ఆవిడ బలవంతపెడితే మీరు ఒక మాట చెప్పండి, మీ మాటైతే వింటారు.

మినప్పప్పు అడుగుకొచ్చింది, రెండు కిలోలు తెమ్మని మీ అబ్బాయికి చెప్పాను. సాయంత్రం ఇంకోసారి గుర్తు చేయండి.