ఆస్కీ ప్రాక్టికల్ పరీక్ష, స్టేషన్ 4: బీపీ కొలవడం (5 నిమిషాలు, 10 మార్కులు)

పేషెంట్: అమలాపురం దగ్గరి కొబ్బరి రైతు, 52 ఏళ్లు. ఐదు నిమిషాలుగా కూర్చునే ఉన్నారు.

1. చేతులు శుభ్రం చేసుకుని, పరిచయం చెప్పి, అనుమతి అడిగారు – 1
2. "అరగంటలో టీ గానీ చుట్ట గానీ తాగారాండీ?" అని అడిగారు – 1
3. వీపుకి ఆనుడు, పాదాలు నేలమీద, చెయ్యి గుండె ఎత్తులో – 1
4. సరైన సైజు కఫ్, మోచేతి మడతకు 2–3 సెం.మీ. పైన – 1
5. మణికట్టు నాడి పట్టుకుని గాలి కొట్టి, నాడి ఆగిన అంకె చెప్పి, గాలి పూర్తిగా వదిలారు – 3
(ఎక్కువమంది ఎగ్గొట్టేది ఇదే. నోటితో చెప్పి ఊరుకుంటే సున్నా.)
6. స్టెతస్కోప్ పెట్టి, ఆ అంకెకు 30 పైకి ఎక్కించి, సెకనుకు 2–3 మి.మీ. చొప్పున దించారు, మొదటి చప్పుడు సిస్టోలిక్, చప్పుడు ఆగినచోట డయాస్టోలిక్ – 2
7. రీడింగ్ రాసి, పేషెంటుకు తెలుగులో చెప్పారు – 1

చొక్కా చెయ్యి మీదే కఫ్ చుడితే 4కి మార్కు లేదు.