“గురిగి” యాప్ యాడ్ స్క్రిప్ట్: వెయ్యి చొప్పున, వచ్చే జూన్ ఫీజుకు (90 సెకన్లు)

షూట్‌కి వచ్చేవాళ్లు, ఎడిటింగ్‌లో కూర్చునేవాళ్లు ముందు ఇది చదవండి. మనం చూపిస్తున్నది బ్యాంకు రికరింగ్ డిపాజిట్, అంతకు మించి ఏమీ కాదు. నెలకు వెయ్యి చొప్పున ఏడాది కడితే 6.5 శాతం మీద వచ్చే వడ్డీ సుమారు 428 రూపాయలు. ఆ అంకె చిన్నదని దాచకుండా దాన్నే యాడ్ మధ్యలో పెట్టాను, ఎందుకంటే బండి పెట్టుకుని బతికే మనిషి “నెలకు పది శాతం” అన్న స్కీముల్లో మునిగినవాళ్లను తన గల్లీలోనే చూసి ఉంటుంది, ఆమెకు ఇంకో ఆశ చూపించడం నాకు ఇష్టం లేదు. షరతులన్నీ తెలుగులోనే, పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. 2022లో వచ్చిన వినియోగదారుల రక్షణ మార్గదర్శకాలు కూడా అదే అంటాయి: ప్రకటన ఏ భాషలో ఉంటే షరతు ఆ భాషలో, అదే ఫాంట్‌లో ఉండాలి. చివర్లో ఊపిరి ఆడకుండా చదివేసే ఇంగ్లిష్ లైన్ మన యాడ్‌లో లేదు.

సీన్ 1 (0–18 సెకన్లు)

దిల్‌సుఖ్‌నగర్, మెట్రో పిల్లర్ పక్కన టిఫిన్ బండి. పొద్దున పదిన్నర, గిరాకీ తగ్గింది. అక్క (ముప్పై అయిదు దాటిన మనిషి) పెనం మీద నీళ్లు చల్లి చీపురుకట్టతో తుడుస్తోంది. బండి కింద స్టీలు డబ్బా, మూత తీస్తే నలిగిన నోట్లు, చిల్లర. గ్యాస్ కుర్రాడికి అందులోంచే డబ్బు తీసిస్తుంది. డబ్బా దాదాపు ఖాళీ. ఆ అడుగు ఒక్కసారి దగ్గరగా కనిపించాలి, మ్యూజిక్ వద్దు, రోడ్డు చప్పుడు చాలు.

అక్క: ఈసారి కూడా పిల్ల ఫీజుకు అప్పే తెచ్చిన తమ్మీ. డబ్బాల ఏసిన పైసలు గ్యాస్ బండకే పోతున్నయి.

తమ్ముడు: (ఫోన్ తీస్తూ) నేను ఇండ్ల ఏస్తున్న అక్కా. గురిగి. నెలకు వెయ్యి.

సీన్ 2 (18–45 సెకన్లు)

ఇద్దరూ ప్లాస్టిక్ స్టూళ్ల మీద. ఫోన్ స్క్రీన్ నిండుగా కనిపించాలి, అందులో బ్యాంకు పూర్తి పేరు, లోగో మన లోగో కంటే చిన్నగా ఉండటానికి వీల్లేదు.

అక్క: ఫోన్ల ఏస్తే పైసలు యాడికి పోతయి?

తమ్ముడు: బ్యాంకుకు. నీ పేరు మీదనే ఆర్డీ తెరుస్తరు. యాప్ వాళ్ల దగ్గర రూపాయి కూడా ఉండదు.

తెరపై: డిపాజిట్ తీసుకునేది బ్యాంకు. గురిగి యాప్ బ్యాంకు కాదు. ఖాతా తెరిపించినందుకు బ్యాంకు మాకు కమీషన్ ఇస్తుంది, మీ దగ్గర ఫీజు తీసుకోం.

అక్క: సరే, ఏడాదికి ఎంతొస్తది?

తమ్ముడు: పన్నెండు వేలు కడితే పన్నెండు వేల నాలుగొందల ఇరవై ఎనిమిది.

అక్క: (వేళ్ల మీద లెక్క కట్టి) నాలుగొందలేనా?

తమ్ముడు: అంతే అక్కా.

ఇక్కడ రెండు సెకన్లు ఎవరూ మాట్లాడరు. అక్క ముఖం మీదే కెమెరా ఉంచండి, నవ్వించకండి. ఎడిట్‌లో టైమ్ సరిపోక ఏదో ఒకటి కోయాలంటే సీన్ 1లో కోయండి, ఈ రెండు సెకన్లు మాత్రం ముట్టుకోవద్దు.

తెరపై: ఏడాదికి 6.5 శాతం, మూడు నెలలకోసారి చక్రవడ్డీ. 2026 జూన్ 1 నాటి రేటు. మీరు ఖాతా తెరిచే రోజు రేటు వేరుగా ఉండొచ్చు, ఆ రోజున్న రేటే చివరిదాకా ఉంటుంది. వడ్డీపై ఆదాయపు పన్ను నిబంధనలు వర్తిస్తాయి.

సీన్ 3 (45–72 సెకన్లు)

అక్క లేచి చట్నీ గిన్నెలు సర్దుతూనే అడుగుతుంది. చేతులు ఆగకూడదు, ఆమె తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదని ఆ చేతుల్లోనే తెలియాలి.

అక్క: నడుమ దవాఖాన ఖర్చు పడితే?

తమ్ముడు: తీసుకోవచ్చు. కానీ వడ్డీ తగ్గుతది.

అక్క: ఒక నెల కట్టకపోతే?

తమ్ముడు: పదిహేను రూపాయలు పడతది. కట్ అయ్యే ముందురోజే మెసేజ్ వస్తది, పైసలు లేవనిపిస్తే నువ్వే ఆపుకోవచ్చు.

అక్క: బ్యాంకే మునిగితే?

తమ్ముడు: అయిదు లక్షల దాకా బీమా ఉంటది అక్కా.

తెరపై (ఒక్కొక్క వాక్యం ఆ మాట వినిపిస్తున్నప్పుడే రావాలి, నిదానంగా ఒకసారి చదివేంతసేపు నిలవాలి): గడువుకు ముందే మూసేస్తే, అప్పటిదాకా నడిచిన కాలానికి ఉన్న వడ్డీ రేటులో 1 శాతం తగ్గుతుంది. వాయిదా తప్పితే వెయ్యికి నెలకు 15 రూపాయలు. యూపీఐ ఆటోపే కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది. డిపాజిట్ బీమా డీఐసీజీసీది: ఒక బ్యాంకులో ఒక మనిషికి ఉన్న అన్ని ఖాతాలూ కలిపి, అసలు, వడ్డీతో సహా 5 లక్షల వరకు.

సీన్ 4 (72–90 సెకన్లు)

అక్క చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంటుంది. వెయ్యి అని ఉన్నచోట అయిదొందలు అని మారుస్తుంది.

అక్క: ముందు అయిదొందలు. కుదిరితే ఇంకోటి తెరుస్త.

తమ్ముడు: నీ ఇష్టం అక్కా.

వాయిస్ ఓవర్ (ఆడ గొంతు, ఇంట్లో మాట్లాడినట్టు): గురిగితో ఎవరూ ధనవంతులైపోరు. కట్టగలిగినంత ప్రతినెలా పక్కకు పెడితే, ఫీజు కట్టే రోజుకు అంత చేతిలో ఉంటుంది. షరతులన్నీ యాప్‌లో తెలుగులో ఉన్నాయి, చదివాకే మొదలుపెట్టండి.

తెరపై: నెలకు 500 నుంచి. పాత్రలు కల్పితం. లెక్కలు పైన చెప్పిన రేటు ప్రకారం ఉదాహరణకు మాత్రమే.

వీడియో కింద పెట్టే వివరణ (కాపీ చేసి యథాతథంగా వాడండి):

గురిగి యాప్ నుంచి మీ పేరు మీద బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ తెరవొచ్చు. పాన్, ఆధార్ కావాలి. గడువు 12 నెలలు, అది పూర్తయ్యాక డబ్బు మీ సేవింగ్స్ ఖాతాలోకి వస్తుంది. ఓటీపీ, యూపీఐ పిన్ అడుగుతూ మేం ఎప్పుడూ ఫోన్ చేయం, అడిగారంటే అది మోసమే. ఏదైనా ఇబ్బంది ఉంటే ముందు యాప్‌లో, తర్వాత బ్యాంకుకు రాసి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు.

15 సెకన్ల ముక్క (బస్సుల్లో, యూట్యూబ్‌లో):

అక్క: నెలకు వెయ్యి ఏస్తే ఏడాదికి ఎంతొస్తది?
తమ్ముడు: కట్టిన పన్నెండు వేలు, పైన నాలుగొందల ఇరవై ఎనిమిది. నడుమల తీస్తే ఇంకా తక్కువ.
అక్క: ఫీజుకు అప్పు తేకుంటే చాలు తీ.
తెరపై, పూర్తి నిడివి: బ్యాంకు పేరు. రేటు 6.5 శాతం, 2026 జూన్ 1 నాటిది, మారవచ్చు. ముందే మూస్తే వడ్డీ తగ్గుతుంది.

పోస్టర్ చేసేటప్పుడు “ఈరోజే ఆఖరు” లాంటివి, వెనక నోట్ల కట్టలు, రిజర్వ్ బ్యాంకు ముద్ర పెట్టొద్దు. మన యాప్‌కు రిజర్వ్ బ్యాంకు ఆమోదం ఉందని ఎక్కడా అనలేదు, బొమ్మతో కూడా అనిపించకూడదు. “గ్యారంటీ” అన్న మాట ఎవరైనా చేర్చమంటే నాకు ఫోన్ చేయండి, నేను మాట్లాడతాను. రేటు మారిన రోజు పాత వీడియో తీసేసి, కొత్త అంకెలతో డబ్బింగ్ చేయించి మళ్లీ పెట్టాలి. అందుకే తమ్ముడు అంకె చెప్పే షాట్‌ను వీపు వైపు నుంచి కూడా ఒకటి తీసి ఉంచండి.